చుక్క పెట్టి పేజీ తిప్పడం

ఆ పుస్తకం మా ఇంటికి వచ్చిన రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. నాకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. బస్సు మీద నూజివీడు అని ఉందా, చాట్రాయి అని ఉందా చూసుకుని ఎక్కగలను. సంతకం పెట్టగలను. అంతవరకే. ఇదంతా నేను నోటితో చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. తన మీద చెప్పినవి కొన్ని రాయనంది, రాయమన్నాను.

మా అమ్మాయి టౌన్లో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకుంది. ఎందుకు తీసుకున్నావే అంటే కథలంటే ఇష్టం అంది. ఈ ఏడు వాళ్ళకి ఒక ఇంగ్లీషు నవల పెట్టారు. మూడువందల తొంభై పేజీలు. నలభై రోజుల్లో చదివి, క్లాసు ముందు నిలబడి దాని గురించి మాట్లాడాలి, అడిగిన వాటికి జవాబు చెప్పాలి. వేరే కాలేజీ నుంచి ఒకాయన కూడా వచ్చి అడుగుతాడట. తను అది చెబుతున్నప్పుడు నవ్వుతూనే చెప్పింది. నేను పుస్తకం చేత్తో పట్టుకుని చూశాను. ఇంత బరువున్న దాంట్లో ఒక్క బొమ్మ కూడా లేదు.

మొదట్లో తను చదివే తీరు చూసి నేను మురిసిపోయాను. ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో పెన్సిలు. తెలియని మాట వస్తే ఫోనులో కొట్టి, దాని అర్థం తెలుగులో ఆ మాట పైన సన్నగా రాసుకునేది. పేజీ అయ్యేసరికి ఇంగ్లీషు కింద, తెలుగు పైన, నారు పోసిన మడిలా నిండిపోయేది. అందులో నేను చదవగలిగిన అక్షరాలు ఉన్నాయి. పని నుంచి రాగానే పుస్తకం తీసి వేలు పెట్టి చూసేదాన్ని. ఎక్కడైనా వరసకి వరస తెలుగు లేకుండా కనిపిస్తే ఊరుకునేదాన్ని కాదు.

"ఇక్కడేం రాయలేదేంటే?"

"అక్కడన్నీ తెలిసిన మాటలేనమ్మా."

"నిజంగానా? ఒక్క ముక్క కూడా వదలకు. వదిలావంటే అక్కడే దెబ్బ తింటావు."

ఆ మాట నాకు షెడ్డులో అబ్బింది. ఎండాకాలం నేను మామిడికాయల గ్రేడింగ్ షెడ్డుకి వెళతాను. కుప్ప పోసిన కాయల్ని సైజు చూసి, మచ్చ చూసి ట్రేల్లో వేరుచెయ్యాలి. మెత్తబడ్డ కాయ ఒక్కటి మంచి ట్రేలోకి పోయిందంటే ఢిల్లీ చేరేసరికి చుట్టూ ఉన్నవి కూడా పాడవుతాయి. షెడ్డాయన ఆ మాట రోజుకి పదిసార్లు అంటాడు. ఏళ్ళ తరబడి విని విని అది నా ఒంట్లోకి ఎక్కిపోయింది. పుస్తకం కూడా అంతే అనుకున్నాను. ఒక్క మాట తెలియకుండా దాటిపోతే మొత్తం కుళ్ళిపోతుందని భయం.

పన్నెండు రోజులు గడిచాయి. తను ముప్ఫై ఒకటో పేజీలో ఉంది.

పేజీకి గంట పడుతోంది. నేను కథ ఏంటే అని అడిగితే, నది అంది, పడవ అంది, ఒక ఇల్లు అంది. ఇంట్లో ఎవరున్నారు అంటే తల గోక్కుంది. రాసుకున్న అర్థాలన్నీ చెప్పగలదు, జరిగిందేంటో చెప్పలేదు. అప్పటి నుంచి తను మాట్లాడటం తగ్గించింది. అన్నం కలిపి అలాగే కూర్చునేది. పిలిస్తే పలికేది గానీ కళ్ళు ఎక్కడో ఉండేవి.

ఆ మౌనం నాకు తెలుసు. వాళ్ళ నాన్న కాయ కోస్తూ కొమ్మ విరిగి పడి చనిపోయినప్పుడు ఇలాగే అయింది. ఏడాదిపాటు బడి మానేసింది, మనిషి ఇంట్లోనే ఉండి లేనట్టు ఉండేది. ఎంత బతిమాలితే మళ్ళీ బడికి వెళ్ళిందో నాకే తెలుసు. ఇప్పుడు మళ్ళీ ఆ ముఖమే చూశాను. గోడకి ఆనుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పేజీ తిప్పకుండా.

పదమూడో రోజు పొద్దున జడ వేసుకుంటూ చెప్పింది, మామూలుగా, కూర గురించి చెప్పినట్టు.

"ఇది అవ్వదమ్మా. అవ్వకపోతే నేను కాలేజీ మానేస్తాను. వాళ్ళందరి ముందూ నిలబడి తెల్లముఖం వెయ్యలేను."

ఆ రోజు పని మానుకుని తనతోపాటే బస్సెక్కాను. వద్దమ్మా, పరువు పోతుంది అంది. నేను వినలేదు.

వాళ్ళ ఇంగ్లీషు మేడమ్ నాకంటే చిన్నది. స్టాఫ్ రూములో నాకు కుర్చీ వేసి కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. "మా పిల్లకి ఈ పుస్తకం వల్ల కావట్లేదండీ. చిన్నది ఏదన్నా ఇప్పించండి."

ఆవిడ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. మా అమ్మాయి రాసిన తెలుగంతా చూసింది. నేను గర్వంగానే ఉన్నాను ఆ క్షణం. మెచ్చుకుంటుంది అనుకున్నాను.

"ఎంత కష్టపడ్డావమ్మా," అంది మా అమ్మాయితో. "సరే, పుస్తకం మూసెయ్. నిన్న చదివిన దాంట్లో ఏం జరిగిందో తెలుగులో చెప్పు."

తను నేలచూపులు చూసింది.

"ఇదే జరుగుతుంది," అంది మేడమ్. "మాట మాటకీ ఆగితే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాం. నేనూ తెలుగు మీడియమే. నేను మొదట చదవబోయిన నవల ఇలాగే ముప్ఫై పేజీల దగ్గర చచ్చిపోయింది."

తర్వాత పద్ధతి చెప్పింది. చదివేటప్పుడు ఫోను పక్క గదిలో పెట్టాలి. తెలియని మాట కింద పెన్సిలుతో చుక్క పెట్టి ముందుకు పోవాలి, ఆగకూడదు. అది మనిషా, వస్తువా, పనా, మంచా, చెడా, ఆమాత్రం చుట్టుపక్కల మాటల్ని బట్టి ఊహించుకుంటే చాలు. అధ్యాయం అయ్యాక ఆగి, జరిగింది నాలుగు ముక్కల్లో తెలుగులో చెప్పుకోవాలి. చెప్పగలిగితే చుక్కలన్నీ వదిలేసి తర్వాతి అధ్యాయం. చెప్పలేకపోతే అడ్డం పడ్డ చుక్క ఏదో వెతికి దాని అర్థం చూడాలి. మళ్ళీ మళ్ళీ వస్తూ కథకి అడ్డం పడే మాట ఉంటే అదీ చూడాలి. ఏదైనా పూటకి ఐదు మాటలు మించకూడదు. మనుషుల పేర్లు ఒక చీటీ మీద రాసుకుని పేజీలో పెట్టుకోవాలి. కొండలూ చెట్లూ వర్ణించిన పేరా బరువుగా ఉంటే మొదటి వాక్యం, చివరి వాక్యం చూసి దాటెయ్యొచ్చు. రోజుకి పదిహేను పేజీలు, అర్థమైనా కాకపోయినా.

"నిజానికి పేజీకి ఇన్ని తెలియని మాటలున్న పుస్తకం నీ అంతట నువ్వు ఎంచుకోకూడదు. తేలికవి ఓ పది చదివి దీని దగ్గరికి రావాలి. కానీ సిలబస్ మన చేతిలో లేదు కదా," అంది. "మొదటి వంద పేజీలే కష్టం. ఏ రచయితకైనా కొన్ని మాటలు అలవాటుగా ఉంటాయి. అవే తిరిగి తిరిగి వస్తాయి. వాటంతట అవే తెలుస్తాయి."

నేను ఉండబట్టలేక అడిగాను. "తెలియని మాట వదిలేసి చదివాననడం మోసం కాదా అండీ?"

ఆవిడ నవ్వింది. "మీ ఊళ్ళో ఎవరన్నా మాట్లాడుతుంటే ప్రతి మాటా వింటారా అమ్మా మీరు?"

నాకు ఆ నవ్వు నచ్చలేదు. వదిలించుకోవడానికి చెబుతోంది అనిపించింది. ఇలాంటి పిల్లలు ఎటూ పాస్ కారులే, ఏదో ఒకటి చెప్పి పంపేద్దాం అనుకుంటోందేమో అని బస్సులో దారంతా అనుమానపడ్డాను. మా అమ్మాయి మాత్రం కిటికీ పక్కన కూర్చుని చుక్కలు పెట్టడం మొదలుపెట్టేసింది.

ఐదు రోజుల్లో వంద పేజీలు దాటింది. పేజీలు అలా తిరిగిపోతుంటే నాకు భయం ఇంకా పెరిగింది. పుస్తకం మీద తెలుగు లేదు. నేను చూసుకోవడానికి ఏమీ లేదు. ఉత్త చుక్కలు. వంద దాటిన రోజు మధ్యాహ్నం నేను పుస్తకం లాక్కుని ఒక పేజీలో చుక్కలు లెక్కపెట్టాను. పద్దెనిమిది.

"ఇదేంటి?"

"తెలీదు."

"ఇది?"

"తెలీదమ్మా."

"ఇది?"

"ఏదో పడవకి సంబంధించింది. సరిగ్గా తెలీదు."

"పద్దెనిమిది తెలీకుండా పేజీ తిప్పావా? ఎవర్ని మోసం చేద్దామని? రేపు ఆ వచ్చినాయన ఈ చుక్క మీదే వేలు పెట్టి అడిగితే ఏం చేస్తావు?"

తను ఏదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాను, చుక్క చుక్కకీ అర్థం రాయమన్నాను. నేను భయంతో అరిచాను, తనకి అది కోపంగానే వినబడి ఉంటుంది. తను ఫోను తెచ్చుకుని వెనక్కి వెళ్ళింది. మూడు రోజులు చుక్కల మీద అర్థాలు రాసింది. కొత్త పేజీ ఒక్కటీ తిరగలేదు. నేను అడిగినదానికి ఊఁ, ఉహూఁ తప్ప మాట లేదు. మూడో రోజు అన్నం ముట్టలేదు.

నాలుగో రోజు పొద్దున నేను నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి తను ఇంట్లో లేదు. పుస్తకం చాప మీద ఉంది. ఫోను దాని మీద ఉంది. చెప్పులు లేవు.

ఆ కాసేపు నేను ఎలా ఉన్నానో చెప్పడం నాకు చేతకాదు. బిందె ఎక్కడ పెట్టానో తెలీదు. కాలేజీకి ఇంకా టైము కాలేదు, బ్యాగు మేకుకే ఉంది. వీధి చివర అడిగాను, చూడలేదన్నారు. తోట వెనక ఒక పాడుబడ్డ బావి ఉంది, ఎవరూ నీళ్ళు తోడరు. అక్కడికి వెళ్ళాను. పరిగెత్తానా, నడిచానా, గుర్తులేదు. గట్టు మీద చెయ్యి వేసి లోపలికి చూడటానికి ధైర్యం చాలక కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూశాను. ఎండుటాకులు ఉన్నాయి. అక్కడే కూర్చున్నాను. అటునుంచి ట్రేల బండి తోలుకుపోతున్న మనిషి ఆపి, మీ అమ్మాయి షెడ్డులో ఉందిగా అన్నాడు.

షెడ్డులో ఆడవాళ్ళ వరసలో, కాయల కుప్ప ముందు, గొంతుక్కూర్చుని ఉంది. సొన అంటకుండా తలకి గుడ్డ చుట్టుకుంది. నన్ను చూసి, "పనిలో చేరానమ్మా, షెడ్డాయన సరేనన్నాడు," అంది.

బావి దగ్గర పోయిన ప్రాణం అప్పుడే వచ్చింది, వచ్చీ రాగానే మళ్ళీ పోయింది. నేను దేనికి భయపడ్డానో అదే నా ఎదురుగా గుడ్డ చుట్టుకుని కూర్చుంది. అందరి ముందూ ఏమీ అనలేక తన పక్కన కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టాను.

తనకి ఆ పని కొత్త. ఒక్కో కాయని చేత్తో తిప్పి తిప్పి చూస్తోంది. మచ్చ సొన మచ్చా, దెబ్బ మచ్చా తేలక ఎండలోకి పట్టుకుని చూస్తోంది. అవతల ట్రాక్టరు ఇంకో కుప్ప పోసింది. ఎదురుగా కూర్చునే వదిన, నాతో పదేళ్ళ నుంచి పని చేస్తున్న మనిషి, నోరు ఊరుకోదు.

"ఏమే కోడలా, ఆ కాయకి పెళ్ళిచూపులు చూస్తున్నావా?"

అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా కొంచెం నవ్వింది, పది రోజుల తర్వాత.

"తెలియట్లేదు అత్తా, ఇది మంచిదో కాదో."

"తెలీకపోతే పక్కన పడెయ్. ముందు కుప్ప అవ్వనీ. అనుమానం కాయలు ఆఖర్న చూసుకుందాం. అప్పటికి నాలుగు నిజంగా పాడైనవి ఉంటే గొప్ప. దానికి కూర్చుంటే తెల్లారుద్ది. మీ అమ్మ చెప్పలేదా?"

నా చేతిలో అప్పుడు ఒక అనుమానం కాయ ఉంది. నా చెయ్యి దాన్ని అప్పటికే పక్క గంపలోకి వేసేసి ఇంకోదాని కోసం కుప్పలోకి వెళుతోంది. ఇన్నేళ్ళుగా ఆ గంప నా మోకాలి పక్కనే ఉంటుంది. షెడ్డాయన అరుపు గుర్తుపెట్టుకున్నాను గానీ, నా చెయ్యి ఏం చేస్తోందో నేనెప్పుడూ చూసుకోలేదు.

మా అమ్మాయి నా వైపు చూసింది. తన చేతిలో కాయని నా గంపలోకి వేసింది. ఒక మాట అని ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం అన్నాల వేళకి తనని లేపి ఇంటికి తీసుకొచ్చేశాను. చెయ్యి కడుక్కుంటుంటే చెప్పాను. "నేను తప్పు చేశానే. మీ మేడమ్ చెప్పినట్టే చదువు. నాకు తెలీక అడ్డం పడ్డాను."

"ఇంక అవ్వదమ్మా. పందొమ్మిది రోజులే ఉన్నాయి."

"ఎన్ని పేజీలు మిగిలాయి?"

తను లెక్కవేసింది. ఉన్న రోజులకి సరిగ్గా రోజుకి పదిహేను. ఒక్క పూట పోయినా చాలవు. పోయిన నాలుగు రోజులూ నా వల్ల పోయినవే. ఆ సంగతి నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అప్పటి నుంచి ఇలా జరిగింది. పొద్దున్నే లేచి తను సగం చదివేది, కాలేజీ నుంచి వచ్చాక సగం. ఫోను నా చీర కొంగులో ముడి వేసుకునేదాన్ని. అధ్యాయం అవ్వగానే నా దగ్గరికి వచ్చి కథ చెప్పాలి. నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. మనుషుల చీటీ నా కోసం తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసింది. పడవ ముసలాయన. పెద్ద కూతురు. చిన్న కొడుకు. అవతలి ఒడ్డు డాక్టరు. ఆ పేర్లు నాకు నోరు తిరగవు. అందుకని అలా రాసింది. నేను కూడబలుక్కుని చదువుకుని, వాళ్ళని గుర్తుపెట్టుకుని అడిగేదాన్ని.

"చిన్న కొడుకు పడవ అమ్మనన్నాడుగా, మరి డాక్టరు దగ్గరికి ఎందుకెళ్ళాడు?"

తను చెప్పగలిగితే ముందుకి. తడబడితే వెనక్కి వెళ్ళి ఆ చుక్క వెతికేది. ఇరవై చుక్కల్లో కథ ఆపింది ఒకటో రెండో ఉండేవి. అవి చూసుకునేది, మిగతావి అలా ఉండిపోయేవి. నాకు మాత్రం ఆ ఉండిపోయిన వాటి మీదే మనసు. రాత్రి పడుకున్నాక కూడా అవి కళ్ళ ముందు కనిపించేవి. పైకి అనేదాన్ని కాదు.

రెండువందల పేజీల దగ్గర పెద్ద కూతురు చచ్చిపోయిందని చెప్పింది. అందరూ ఏడ్చారట, తండ్రి తలుపు మూసేశాడట. నేను కత్తిపీట పక్కన పెట్టి కాసేపు బాధపడ్డాను. రెండు రోజుల తర్వాత మా అమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చింది.

"అమ్మా, పెద్ద కూతురు పడవ దిగి వచ్చింది."

"చచ్చిపోయిందన్నావుగా?"

"అనుకున్నాను."

అయిపోయింది అనుకున్నాను నేను. రెండు రోజుల నుంచి తప్పు దారిలో పోతున్నాం, ముప్ఫై పేజీలు వృథా, అన్నీ మళ్ళీ చదవాలి, రోజులు లేవు. నోటిదాకా వచ్చింది, మొదటి నుంచి చదువు అని. పెదవి కొరుక్కున్నాను. తనే అంది, "మేడమ్ చెప్పారు. కథ అతకనప్పుడు మాత్రం వెనక్కి వెళ్ళమన్నారు. వెళ్ళి ఆ పేజీ ఒక్కటే చూస్తాను." నా కొంగు ముడి విప్పి ఫోను తీసుకుంది. ఆ పేజీలో ఒక చుక్క చూసింది. ఆ పిల్ల చావలేదు, ఇంట్లోంచి పంపేశారు. అంతే. ఆ ఒక్కటి సరిచేసుకోగానే తర్వాత చదివిందంతా దానంతటదే సర్దుకుంది. ఏదీ మళ్ళీ చదవాల్సిన పని లేకపోయింది.

మూడువందలు దాటాక చుక్కలు పలచబడ్డాయి. మేడమ్ చెప్పినట్టే అవే మాటలు మళ్ళీ మళ్ళీ వచ్చాయట. ఎప్పుడు నేర్చుకున్నానో తెలీదమ్మా అంది. చదివేటప్పుడు పెదాలు కదపడం కూడా మానేసింది. చివరి పేజీ క్లాసులో మాట్లాడే ముందు రోజు మధ్యాహ్నం అయింది. చివర్లో ముసలాయన పడవని నదిలోకి వదిలేస్తాడు. ఎందుకు వదిలాడే అని అడిగితే, రెండు రకాలుగా అనుకోవచ్చు అంది. నాకు అది ఇంకా భయం వేసింది. రెండు రకాలుగా చెబితే మార్కులు వేస్తారా?

క్లాసులో మాట్లాడాల్సిన రోజు తను వెళ్ళాక నేను షెడ్డుకి వెళ్ళాను. మంచి కాయలు చెత్త ట్రేలో, చెత్తవి మంచి ట్రేలో వేస్తున్నానని వదిన నా చేతులు పట్టుకుని ఆపింది. "కాసేపు మంచినీళ్ళు పొయ్యి అందరికీ, కాయలు ముట్టకు," అంది. నీళ్ళు పోశాను. చెంబు సగం నేల మీదే పోసి ఉంటాను.

నాలుగింటికి తను నేరుగా షెడ్డు దగ్గరికే వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. నేను అడగలేకపోయాను. వదినే అడిగింది.

"ఏమే, ఏం చేశావు?"

"మాట్లాడాను అత్తా. తర్వాత ఆ వచ్చిన సార్ ఒక పేజీ తీసి ఒక మాట మీద వేలు పెట్టారు. దీని అర్థం ఏంటన్నారు."

నేను ఏ మాటకి భయపడ్డానో అదే. పక్కనున్న ఖాళీ ట్రే మీద కూర్చున్నాను.

"మరి?"

"తెలీదండీ అన్నాను. ఈ మాట తెలీదు కానీ, ఇక్కడ చిన్న కొడుకు తనకి భయం లేనట్టు నటిస్తున్నాడు, ఇది ఆ నటన గురించే అయి ఉండాలి అన్నాను. ఎలా చెప్పగలవు అన్నారు. దీనికి ముందు పేజీలో వాడి చేతులు ఎలా ఉన్నాయో రాశారండీ అని, అది చూపించాను."

"అప్పుడేమన్నాడు?"

"ఏమీ అనలేదు. మేడమ్ వైపు చూసి రాసుకున్నారు. ఎన్ని మార్కులో ఇంకా తెలీదు."

మార్కులు తెలిసేదాకా నేను సరిగ్గా అన్నం తినలేదు. అది వేరే సంగతి. ఆ సాయంత్రం నాకు కావలసింది మార్కులు కాదు, ఒక్కటే మాట. అది అడగడానికే నోరు రాలేదు. ఇంటికి నడుస్తూ, తను ముందు, నేను వెనక, సగం దారిలో తనే ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మా, రేపు ఫస్ట్ అవర్ ఉంది. ఏడున్నర బస్సుకి లేపు."